వెల్వెట్ పట్టులా, లెదర్ ప్లాస్టిక్‌లా కనిపిస్తున్నప్పుడు: సమస్య - పరిష్కారం

బెంగళూరులో సోఫా కుట్టించుకోదలచిన చాలామంది ఇప్పుడు చిక్‌పేటలో గుడ్డ తాకి చూడటంతో ఆగక, అది తమ హాల్లో ఎలా ఉంటుందో ముందుగా బొమ్మలో చూపించమని అడుగుతున్నారు. ఆ బొమ్మ తయారుచేసేది త్రీడీ ఆర్టిస్టయినా, మాటల నుంచి చిత్రం తీసే సాఫ్ట్‌వేరయినా, వారి ముందు ఉండేది మనం రాసిన నాలుగు వాక్యాల వర్ణన మాత్రమే. కింద చెప్పిన ఉదాహరణ వైట్‌ఫీల్డ్‌లో ఉంటున్న ఒక తెలుగు కుటుంబానిది. ఏడడుగుల సోఫా, ముదురు ఆకుపచ్చ వెల్వెట్, ఎడమ పక్కన బాల్కనీ తలుపు. నేను మొదట రాసిన వర్ణన ఇది: "ముదురు ఆకుపచ్చ వెల్వెట్ సోఫా, మెత్తని మడతలు, మెరిసే గుడ్డ, అందమైన వెలుతురు." వచ్చిన బొమ్మ చూసి ఆ ఇంటి పెద్దావిడ, "ఇది వెల్వెటా అండీ? సోఫాకు పట్టుచీర కప్పినట్టుంది" అన్నారు. ఆవిడ పట్టును గుర్తుపట్టడంలోనే తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది.

లక్షణం: వెల్వెట్ పట్టులా మెరుస్తోంది

బొమ్మను నలుపు తెలుపులోకి మార్చి, సోఫా చేతి గుండ్రటి భాగాన్ని మాత్రమే చూడండి. వెలుతురుకు ఎదురుగా ఉన్న చోట, అంటే గుండ్రం నడుమ, తెల్లటి చార కనిపిస్తే అది పట్టు లేదా శాటిన్. నడుమ ముదురుగా ఉండి, గుండ్రం మన చూపునుంచి తప్పుకుంటున్న అంచుల దగ్గర లేతబడితే అది వెల్వెట్.

కారణం నేతలో ఉంది. పట్టులో దారాలు గుడ్డ మీద పడుకుని ఉండి, వెలుతురును అద్దంలా ఒకే దిక్కుకు తిప్పికొడతాయి. వెల్వెట్‌లో దారాలు నూగులా నిలబడి ఉంటాయి. సూటిగా చూసినప్పుడు మన చూపు నూగు కొనల మధ్యలోని నీడలోకి దిగుతుంది కాబట్టి రంగు లోతుగా కనిపిస్తుంది. పక్కవాటుగా చూసినప్పుడు దారాల పక్కభాగాలూ కొనలూ వెలుతురును పట్టుకుంటాయి కాబట్టి అంచు తేలికగా వెలుగుతుంది. "మెరిసే" అన్న నా మాట ఈ రెండింటికీ తేడా చెప్పలేదు. చెప్పకపోతే ఎవరైనా తమకు బాగా అలవాటైన మెరుపునే గీస్తారు.

అందువల్ల మెరుపును విశేషణంగా కాక, చోటుగా రాయాలి: "కుషన్ నడుమ దాదాపు నల్లబడిన ఆకుపచ్చ, గుండ్రటి అంచుల వెంట అదే ఆకుపచ్చలో పాలిపోయిన మెత్తని వెలుగు, ఎక్కడా తెల్లటి చుక్క లేదు." ఆ అంచు వెలుగు గుడ్డ రంగులోనే ఉండాలని పట్టుబట్టడం అవసరం, ఎందుకంటే తెల్లబడితే గుడ్డ మీద దుమ్ము పడినట్టు కనిపిస్తుంది.

నూగుకు వాలు కూడా ఉంటుంది. సోఫా మేస్త్రీలు సాధారణంగా వీపు భాగంలో నూగు కిందికి, కూర్చునే భాగంలో ముందుకు వాలేలా గుడ్డ కత్తిరిస్తారు. కొనలు మనవైపు తిరిగిన చోట రంగు ముదురుగా, అవతలికి వాలిన చోట లేతగా కనిపిస్తుంది కాబట్టి, ఒకే తానులోని గుడ్డ అయినా వీపుకూ సీటుకూ ఛాయ కొంచెం మారుతుంది. వర్ణనలో ఆ తేడాను ఒక వాక్యంలో చెప్పి, సీటు మీద అరచేయంత వెడల్పున నూగు తిరగబడిన ఒక్క మరక పెడితే చాలు. ఆ మరకలు నాలుగైదు పెట్టినప్పుడు సోఫా పాతబడినట్టు అనిపించింది, తీసేశాను.

లక్షణం: సోఫా మీద కర్టెన్ మడతలు

మెరుపు సరిపడ్డాక కూడా ఆ బొమ్మలో గుడ్డ అలలు అలలుగా వేలాడుతూనే ఉంది. తప్పు నా "మెత్తని మడతలు" అన్న మాటది. వేలాడే గుడ్డకు మడత బరువు వల్ల వస్తుంది, సోఫా గుడ్డను మాత్రం ఫోమ్ మీద బిగించి లాగి చట్రానికి కొడతారు. అక్కడ మడత రావాలంటే ఏదో ఒకటి లాగాలి లేదా నొక్కాలి: గుండీ, కుట్టు మూల, చేయీ సీటూ కలిసే సందు, మనిషి కూర్చుని లేచిన గుంట. కాబట్టి ప్రతి మడతకూ దాని కారణాన్ని జతచేసి రాశాను: "గుడ్డ బిగుతుగా ఉంది, చేయీ వీపూ కలిసే లోపలి మూలలో మాత్రం రెండు మూడు పొట్టి ముడతలు మూలవైపు చేరుతున్నాయి, సీటు ముందంచు కుట్టు దగ్గర గుడ్డ కాస్త ఉబ్బింది." వెల్వెట్ ముడత కత్తిమడతలా ఉండదు, నూగు మందం వల్ల శిఖరం గుండ్రబడుతుంది. ఆ శిఖరం మీద కన్నా దాని రెండు వాలుల మీదే వెలుగు గీత పడుతుంది.

లక్షణం: సోఫా ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే వెలుతురు

ఇది గుడ్డ సమస్య కాదు గానీ, గుడ్డను నమ్మనివ్వదు. చిన్న దీపం నుంచి వచ్చే వెలుతురు దూరం రెట్టింపయితే నాలుగో వంతుకు తగ్గుతుంది. దగ్గరి చేతికి రెండడుగుల దూరంలో దీపం ఉంటే, మరో ఆరడుగుల అవతలి చివరకు నేరుగా చేరేది పదహారో వంతే. గోడలూ పైకప్పూ కొంత తిప్పి ఇస్తాయి కాబట్టి కంటికి అంత చీకటి కనిపించదు. బాల్కనీ తలుపంత వెడల్పైన వెలుతురయితే దగ్గరలో ఇంకా నెమ్మదిగా తగ్గుతుంది. అందుకే "అందమైన వెలుతురు" తీసేసి, "వెలుతురు ఎడమ పక్క తలుపు నుంచి మాత్రమే, ఎడమ చేయి స్పష్టంగా, నడుమ కుషన్ సగం నీడలో, కుడి చేయి లోపలివైపు రంగు పోల్చగలిగేంత చీకటి" అని రాశాను. పెద్దావిడ ఈసారి బొమ్మ చూసి, గుడ్డ గజం ధర అడిగారు.

బూక్లే గొర్రెపిల్లలా ఉంటే

బూక్లే అనే సోఫా గుడ్డలో నూలు ఉంగరాలు తిరిగి ఉంటుంది. ప్రతి ఉంగరం తన పక్కదాని మీద చిన్న నీడ వేస్తుంది కాబట్టి మెరుపన్నది దాదాపు ఉండదు, వెలుగు నుంచి నీడలోకి మారే గీత కూడా నునుపుగా కాక గరుకుగా చెదురుతుంది. బొమ్మ బొచ్చులా వచ్చిందంటే ఎక్కువగా కొలత చెప్పకపోవడమే కారణం. ఉంగరాలు కుషన్‌తో పోలిస్తే పెద్దవయితే కుర్చీ ఆటబొమ్మంత చిన్నదిగా కనిపిస్తుంది. "ఉంగరాలు పెసరగింజంత, బిగుతుగా, వెంట్రుకలు లేవు" అని రాయండి. దళసరి గుడ్డ కాబట్టి సన్నటి ముడతలు అసలు అడగకండి. కుట్లు ఉంగరాల మధ్య మునిగి లోతు నీడలా మాత్రమే కనిపించాలి, వెలుతురుకు ఎదురుగా సోఫా అంచుగీత కూడా సన్నగా ఎగుడుదిగుడుగా కనిపించాలి.

లెదర్ ప్లాస్టిక్‌లా ఉంటే

ఇక్కడ వెల్వెట్‌కు తలకిందులు. లెదర్ మెరుపు పైపూత మీద నుంచి వస్తుంది కాబట్టి అది తోలు రంగులో కాక వెలుతురు రంగులో ఉంటుంది: గోధుమరంగు సోఫా మీద బాల్కనీ తలుపు తెల్లటి మసక పలకలా కనిపించాలి. ఆ పలక అంచులు పదునుగా ఉంటే ప్లాస్టిక్, తోలు మీది సన్నటి గరుకు వల్ల చెదిరి కరిగిపోతే తోలు. "గ్లాసీ" అన్న మాట మాని, "తలుపు ప్రతిబింబం గుర్తుపట్టగలిగినా గీతలు తేలని మసక" అని రాయడం మేలు. తోలు గుడ్డలా మెత్తగా వాలదు. గుండీ చుట్టూ కిరణాల్లా బిగుసుకుంటుంది, కూర్చునే చోట వదులై, లోతులేని చిన్న ముడతలు ఒకదాన్నొకటి దాటుతూ పడతాయి. వాడకానికి రాపిడి తగిలే చేతి పైభాగం మిగతా చోట్ల కన్నా నునుపెక్కుతుంది, అందువల్ల మెరుపు అక్కడ కొంచెం పదునుగా ఉండాలి. కొత్త సోఫా చూపిస్తున్నప్పుడు ఈ చివరి వాక్యం మాత్రం రాయకండి.