బిల్లు లెక్కలు – 4వ పాఠం: ధరలో కలిసిపోయిన పన్నును విడదీయడం

గత పాఠంలో అసలు ధర మీద పన్ను కలిపి మొత్తం లెక్క కట్టాం. ఈసారి వెనక నుంచి వద్దాం. మొత్తం తెలుసు, పన్ను శాతం తెలుసు, పన్ను అందులోనే ఉంది. అసలు ధర ఎంత?

మొత్తం 1180, పన్ను 18 శాతం అనుకుందాం. చాలామంది వెంటనే 1180లో 18 శాతం కట్టి, 212.40 తీసేస్తారు. 967.60 మిగులుతుంది. ఇది సరైనదో కాదో తెలియాలంటే దానికి మళ్లీ 18 శాతం కలిపి చూడండి. 1141.77 వస్తుంది, 1180 రాదు. కారణం ఒక్కటే. ఆ 18 శాతాన్ని వేసింది అసలు ధర మీద, మొత్తం మీద కాదు. మొత్తం మీద శాతం కడితే పన్ను మీద కూడా పన్ను లెక్కేసినట్టవుతుంది. అందుకే ఈ తప్పులో పన్ను ఎప్పుడూ ఉండాల్సిన దానికన్నా ఎక్కువే వస్తుంది.

అసలు ధరను 100 భాగాలనుకుంటే పన్ను 18 భాగాలు, మొత్తం 118 భాగాలు. కాబట్టి 1180ని 118తో భాగించి 100తో గుణిస్తే అసలు ధర 1000. అదే 18తో గుణిస్తే పన్ను 180. శాతం మారితే 118 స్థానంలో 100కి ఆ శాతం కలిపిన సంఖ్య వస్తుంది. 5 శాతమైతే 105, 12 శాతమైతే 112.

లెక్క ఎప్పుడూ ఇంత చక్కగా తెగదు. మొత్తం 100, పన్ను 18 శాతం అనుకోండి. అసలు ధర 84.7458 వస్తుంది, రెండు దశాంశాలకు సవరిస్తే 84.75. ఇక్కడ కాస్త ఆగాలి. ఈ 84.75 మీద మళ్లీ 18 శాతం కడితే 15.255, సవరిస్తే 15.26. రెండూ కలిపితే 100.01! బిల్లుకీ ఖాతాకీ 0.01 తేడా. చిన్నదే అయినా, బిల్లులు వందల్లో ఉన్నప్పుడు ఆ తేడా ఎక్కడిదో వెతకడం పెద్ద టెన్షన్. అందుకని సవరింపు ఒక్కసారే చేయండి. అసలు ధరను సవరించి, దాన్ని మొత్తంలోంచి తీసేయండి. 100 – 84.75 = 15.25. పన్నును 18/118తో నేరుగా కట్టినా 15.2542, అంటే 15.25 వస్తుంది.

స్ప్రెడ్‌షీట్‌లో మొత్తం A1లో, అసలు ధర B1లో, పన్ను C1లో పెడితే, B1, C1లలో వరుసగా ఇవి రాయాలి:

```
=ROUND(A1/1.18,2)
=A1-B1
```

ఒకే అసలు ధర మీద 9 శాతం చొప్పున రెండు పన్నులు వేసినప్పుడు ముందు రెండూ కలిపి 18 చేసుకోవాలి. ఒకదాని తర్వాత ఒకటి 109తో రెండుసార్లు విడదీస్తే 1180కి 1000 బదులు 993.18 వస్తుంది.

అభ్యాసం: మొత్తం 999, పన్ను 18 శాతం. అసలు ధర, పన్ను కట్టి, 846.61, 152.39 వచ్చాయేమో చూసుకోండి. ఒకే బిల్లులో వేర్వేరు శాతాల వస్తువులు కలిసి ఉంటే మొత్తాన్ని ఒక్కసారిగా భాగించకూడదు. దాన్ని 5వ పాఠంలో చేద్దాం.