టిఫిన్ బాక్సులో అన్నం మధ్యాహ్నానికి జిగురెక్కుతోందా?

ఎండాకాలంలో పొద్దున ఎనిమిదింటికి కట్టిన అన్నం, పన్నెండింటికి మూత తీస్తే జిగురుగా, ఒకరకమైన వాసనతో ఉండేది. తప్పు అన్నానిది కాదు, పొగలు కక్కుతుండగానే మూత పెట్టేయడం. ఆవిరి మూతకు పట్టి, నీటిబొట్లై మళ్లీ అన్నంలోకే కారుతుంది. ఆ తడి, గోరువెచ్చదనం చాలు పాడవడానికి.

ఇప్పుడు ఇలా చేస్తున్నా. అన్నం వెడల్పు పళ్లెంలో పరిచి పది నిమిషాలు ఫ్యాను కింద పెడతాను. తర్వాత స్టీలు బాక్సులోకి తీసి, రెండు వేళ్ల లోతు చన్నీళ్లున్న గిన్నెలో, మూత పెట్టకుండా ఇంకో పది నిమిషాలు ఉంచుతాను. బాక్సు అడుగు ముట్టుకుంటే చల్లగా ఉండాలి. అప్పుడు పొడిగుడ్డతో మూత తుడిచి బిగిస్తాను. కూర వేరే గిన్నెలో, అది కూడా ఆరాకే.

స్టీలు వేడిని త్వరగా వదిలేస్తుంది కాబట్టే ఇది పనిచేస్తుంది. ప్లాస్టిక్ వదలదు, పైగా గీతల్లో నూనె, పులుసు వాసన ఉండిపోతాయి. మా ఇంట్లో ప్లాస్టిక్ డబ్బాలు జంతికలకే.

ఒక్క జాగ్రత్త: నాలుగు గంటలు దాటితే దీన్ని నమ్ముకోవద్దు. రాత్రంతా బయటున్న అన్నానికి, కొబ్బరి పచ్చడికి అసలే పనికిరాదు.