తెచ్చుకున్న కుక్కకి ఎన్నేళ్లు?

ఎదిగిన కుక్కను ఇచ్చేవాళ్లు వయసు మాత్రం సరిగా చెప్పరు. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా మూడు ఫోటోలు తీయండి: మూతి, పక్క నుంచి కన్ను, పెదవి ఎత్తి ముందుపళ్లు. నెరుపు మూతి దాటి కళ్ల చుట్టూ పాకి, కంటిపాపలో నీలిబూడిద మసక కనిపిస్తే సాధారణంగా ఏడెనిమిదేళ్లు దాటినట్టే. మా నల్లదానికి గడ్డం తెల్లబడింది కదా, ముసలిదనుకున్నాం. తీరా చూస్తే కన్ను నిగనిగలాడుతోంది, పై ముందుపళ్ల అంచున వయసుతో అరిగిపోయే మూడేసి మొనలూ అలాగే ఉన్నాయి. డాక్టరు నాలుగేళ్లలోపే అన్నారు. నెరుపు ఒక్కదాన్నీ నమ్మొద్దు.

రాళ్లు, ఎముకలు కొరికే కుక్కకి పళ్ల లెక్క పనిచేయదు, చిన్న వయసులోనే అరిగిపోతాయి. మసక పాలలా తెల్లగా ఉంటే అది శుక్లం కావచ్చు, ఏ వయసులోనైనా వస్తుంది. డాక్టరుకి చూపించండి.