చలికాలపు పెరుగు గట్టిపడిన వైనం

ఎండాకాలంలో గరిటెతో తీస్తే ముక్కలుగా వచ్చే పెరుగు, చలి మొదలవగానే మా ఇంట్లో పలుచగా, కొన్నాళ్లు తీగలు సాగుతూ ఉండేది. తోడు చాలడం లేదనుకొని అర లీటరు పాలకు ఒక చెంచా బదులు మూడు చెంచాలు వేసి చూశాను. పెరుగు పుల్లబడిందే తప్ప గట్టిపడలేదు.

అసలు కారణం థర్మామీటరు పెట్టి చూశాకే తెలిసింది. రాత్రి తొమ్మిదికి 42 డిగ్రీల వద్ద తోడుపెట్టిన పాలు పదకొండు గంటలకే 27కు దిగిపోయాయి. పాలను పెరుగుగా మార్చే బ్యాక్టీరియా 40 డిగ్రీల చుట్టుపక్కల చురుకుగా ఉంటుంది. వేడి తగ్గితే ఆమ్లం నెమ్మదిగా పుడుతుంది, పాలలోని మాంసకృత్తులు ఒకదానినొకటి పట్టుకొని గడ్డకట్టడానికి అది చాలదు.

అందుకే ఇప్పుడు తోడు ఒక చెంచాకే తగ్గించి, వేడిని నిలపడంపై శ్రద్ధ పెట్టాను. పాలు పొంగాక సన్నని సెగపై పది నిమిషాలు కలుపుతూ మరిగిస్తాను. దీనివల్ల పెరుగు మరింత చిక్కగా తోడుకుంటుంది. వేలు పెడితే వెచ్చగా ఉండి చురుక్కుమనని దశలో తోడు కలిపి, గిన్నెకు మందపాటి తువ్వాలు చుట్టి, మూతపెట్టిన పెద్ద పాత్రలో కదపకుండా ఉంచుతాను. గిన్నె వంచినప్పుడు పెరుగు అంచు నుంచి ఒక్క ముద్దగా విడివడితే తోడుకున్నట్టే, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఎండాకాలంలో మాత్రం ఈ చుట్టడం పనికిరాదు. ఆమ్లం మితిమీరి గడ్డ బిగుసుకుపోయి, పైన పచ్చని నీరు తేలుతుంది; అప్పుడు తోడు అర చెంచా చాలు.