నల్ల చదరాలు పెట్టిన డ్రా కాల్ ఏది? రెండర్‌డాక్ కాప్చర్ చదివేటప్పుడు జాగ్రత్తలు

కెమెరా మెట్ల రెయిలింగ్ దగ్గరికి వెళ్లగానే తెర మీద నల్ల చదరాలు మినుకుమంటాయి. కెమెరా కాస్త జరిపితే మాయమవుతాయి. ఒక్కోసారి పోకపోగా పాకుతూ పెరుగుతాయి కూడా. హెచ్‌డీఆర్ లైటింగ్ మీద వెలుగును బ్లర్ చేసి చుట్టూ పరిచే బ్లూమ్, అంచుల్ని నునుపు చేసే టీఏఏ వేసే ఇంజిన్లలో ఇది అందరికీ తెలిసిన జబ్బే. ఏదైనా గీయమని జీపీయూకు ఇచ్చే ఒక్కో ఆదేశం ఒక డ్రా కాల్. ఒక ఫ్రేమ్‌లోని డ్రాలన్నిటినీ ఫైల్లో పట్టి, ఒక్కోటిగా మళ్లీ చూపే సాధనం రెండర్‌డాక్, ఆ ఫైలే కాప్చర్. డైరెక్ట్3డీ 11తో రాసిన ఇంజిన్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

ఇలాంటప్పుడు ముందు అనుమానించాల్సింది ఏదో ఒక్క పిక్సెల్‌లో పుట్టిన NaN. అంటే 0ని 0తో భాగించినప్పుడు వచ్చే, సంఖ్య కాని విలువ. దాన్ని దేనితో కూడినా, దేనితో గుణించినా మళ్లీ NaN వస్తుంది. బ్లర్ పాస్‌లు పక్క పిక్సెల్స్‌ని కలుపుతూ పోతాయి కాబట్టి, చెంచాడు మజ్జిగ గిన్నెడు పాలనూ తోడుపెట్టినట్టు ఆ ఒక్కటే చుట్టుపక్కలంతా పాకుతుంది. చివరికి హెచ్‌డీఆర్ రంగుల్ని తెరకు సరిపడేలా కుదించే టోన్‌మ్యాప్ 8 బిట్ల బఫర్‌లోకి రాసేటప్పుడు NaN కాస్తా 0 అవుతుంది. నలుపు అక్కడ వస్తుంది.

కాబట్టి మచ్చ కనిపించే డ్రా వేరు, మచ్చ పెట్టిన డ్రా వేరు. కింది జాగ్రత్తలన్నీ ఈ రెండింటినీ కలగాపులగం చేయకుండా ఉండటానికే.

కాప్చర్ తీసే ముందు

టీఏఏ ఉంటే అసలు ప్రమాదం ఇక్కడే. అది పోయిన ఫ్రేమ్ బొమ్మను దాచుకుని ఈ ఫ్రేమ్‌లో కలుపుతుంది. NaN పది ఫ్రేముల కిందట పుట్టి ఆ హిస్టరీ టెక్స్చర్‌లో కూర్చుని ఉంటే, మచ్చ చూశాక మీరు F12 నొక్కి తీసిన కాప్చర్‌లో దోషి డ్రా ఉండకపోవచ్చు. వీలైతే టీఏఏ ఆపి చూడండి. ఆపినా మచ్చ వస్తోందంటే అది ఆ ఫ్రేమ్‌లోనే పుడుతోందన్నమాట, పని సగం తేలికవుతుంది. ఆపే వీలు లేకపోతే, కెమెరా రెయిలింగ్ వైపు తిరిగే క్షణంలో మీ కోడ్ నుంచే వరసగా కొన్ని ఫ్రేములు తీయించండి:

```cpp
if (rdoc_api) rdoc_api->TriggerMultiFrameCapture(3);
```

ఇది పిలిచిన తర్వాత వచ్చే ఫ్రేముల్ని ఒక్కోటి ఒక్కో కాప్చర్‌గా తీస్తుంది. అందుకే మచ్చ వచ్చాక కాదు, రాబోయే ముందే పిలవాలి.

కాప్చర్ తెరవగానే ఈవెంట్ బ్రౌజర్‌లో మొట్టమొదటి ఈవెంట్ మీద నిలబడి హిస్టరీ టెక్స్చర్ చూడండి. ఏ డ్రా జరగకముందే అందులో NaN ఉంటే, ఆ ఫైలు పక్కన పెట్టి అంతకు ముందు ఫ్రేమ్ తీయండి. ఈ ఒక్క నిమిషం పని మానేసి, లేని దోషి కోసం గంటలు వెతికేవాళ్లు చాలామంది.

షేడర్లలో డీబగ్ సమాచారం ఉంచండి, పాస్‌లకు పేర్లు పెట్టండి. లేకపోతే ఈవెంట్ బ్రౌజర్ అంతా ఒకేలాంటి DrawIndexed వరసలతో నిండిపోతుంది. అయితే డీబగ్ కోసమని ఆప్టిమైజేషన్ పూర్తిగా ఆపేయకండి, లెక్కల వరస మారి జబ్బే కనబడకుండా పోవచ్చు.

చివరి బొమ్మ నుంచి వెనక్కి

మామూలుగా అందరూ చేసేది చివరి బొమ్మలో నల్లటి పిక్సెల్ మీద కుడి క్లిక్ చేసి, History నొక్కడం. అందులో కనిపించేది టోన్‌మ్యాప్ గీసిన ఒకే ఒక్క త్రిభుజం. దాని తప్పేమీ లేదు, తనకు వచ్చింది తను రాసింది. పిక్సెల్ హిస్టరీ ఒక టెక్స్చర్‌కు మాత్రమే కథ చెబుతుంది. ఆ పాస్ చదివిన టెక్స్చర్ల లోపలికి అది వెళ్లదు, మీరే వెళ్లాలి.

టోన్‌మ్యాప్ ఈవెంట్ మీద ఉండి దాని ఇన్‌పుట్‌లు తెరవండి. టెక్స్చర్ వ్యూయర్‌లో ఓవర్‌లేని NaN/INF/-ve Display కి మార్చండి. బొమ్మ బూడిదరంగులోకి మారి, NaN ఎరుపుగా, అనంతం ఆకుపచ్చగా, ఋణ విలువలు నీలంగా కనిపిస్తాయి. బ్లూమ్ టెక్స్చర్‌లో ఎర్ర చదరం కనిపిస్తే, ఒక్కో పాస్ వెనక్కి నడుస్తూ దాని మొదలు దాకా పోండి.

ఉదాహరణకు 1920×1080 బొమ్మను మిప్ 0గా తీసుకుని సగం సగం కుదిస్తూ పోతే వచ్చే బ్లూమ్ మిప్ 5లో (37, 19) ఎరుపుగా ఉందనుకుందాం. ఆ మిప్‌లో ఒక టెక్సెల్ అసలు బొమ్మలో సుమారు 32×32 పిక్సెల్స్‌కు సమానం. కాబట్టి హెచ్‌డీఆర్ బఫర్‌లో (1184, 608) నుంచి (1215, 639) లోపల వెతకాలి. ఫిల్టర్ అంచులు దాటి చదువుతుంది కాబట్టి చుట్టూ కొంచెం వదులు పెట్టుకోండి. జూమ్ 100 శాతమో అంతకన్నా ఎక్కువో ఉండాలి. బొమ్మ మొత్తాన్ని విండోలో పట్టేలా కుదించి చూస్తే ఆ ఒక్క ఎర్ర చుక్క తెర మీదకు రాకుండా పోయి, బఫర్ బాగానే ఉందని పొరబడతారు.

చుక్క దొరికింది, (1190, 617) దగ్గర. ఇప్పుడు ఆ పిక్సెల్‌కు హిస్టరీ అడిగితే వరస ఇలా వస్తుంది: మొదట క్లియర్, తర్వాత గోడ, రెయిలింగ్, చివర్లో పారదర్శకమైన పొగ. కడపటి డ్రా పొగది, దాని తర్వాత విలువ NaN. పొగనే తప్పుపట్టడం ఇక్కడ సులువు. కానీ Tex Before కూడా చూడండి, పొగ రాకముందే అక్కడ NaN ఉంది. బ్లెండింగ్ పాత విలువను గుణించి కలుపుకుంటుంది కాబట్టి పొగ దాన్ని మోసుకొచ్చిందంతే. Before మామూలు సంఖ్యగా ఉండి, After మొదటిసారి NaN అయిన వరసే దోషి. ఇక్కడ అది రెయిలింగ్.

ఆ వరస మీద కుడి క్లిక్ చేసి ఆ పిక్సెల్‌ని డీబగ్ చేస్తే, షేడర్ ఒక్కో అడుగూ నడుస్తుంది. NaN వచ్చే దాకా పరిగెత్తించే బటన్ కూడా ఉంది. అది normalize దగ్గర ఆగితే, దానికి వచ్చిన నార్మల్ ఎంతో చూడండి: (0, 0, 0). హిస్టరీ నుంచే ఆ త్రిభుజానికి వెళ్లి మెష్ వ్యూయర్‌లో చూస్తే, మూడు శీర్షాల నార్మల్స్ కూడా సున్నాలే. వైశాల్యం దాదాపు లేని సన్న త్రిభుజాలు మోడల్‌లో మిగిలిపోతే ఎగుమతిలో ఇలా జరుగుతుంది. మోడల్ బాగుచేయడమే అసలు మందు, అయినా షేడర్‌లో ఈ కాపలా పెట్టుకోవచ్చు:

```hlsl
float d = dot(v, v);
float3 n = d > 1e-12 ? v * rsqrt(d) : float3(0, 0, 1);
```

ఇక్కడ షరతు బదులు 0తో గుణించి NaNని చెరిపేద్దామనుకోకండి, 0 × NaN కూడా NaN. బ్లూమ్ మొదట్లో max(c, 0) పెట్టి మచ్చ దాచేవాళ్లూ ఉన్నారు. డైరెక్ట్3డీలో అది NaNని 0 చేస్తుంది గానీ, జీఎల్‌ఎస్‌ఎల్‌లో ఫలితం ఏమవుతుందో ప్రమాణం చెప్పదు. వల్కన్‌కు మారిన రోజున ఒక కార్డు మీద బాగుండి, ఇంకోదాని మీద మచ్చలు తిరిగొస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

కాప్చర్‌లో బొమ్మ శుభ్రంగా ఉంటే

తెర మీద చెడిపోయిన బొమ్మ కాప్చర్‌లో బాగా కనిపిస్తే, జబ్బు పోయిందనుకోకండి. రెండర్‌డాక్ ఆ ఫ్రేమ్‌ను తన పద్ధతిలో మళ్లీ నడిపిస్తుంది, కాలపు వరస వేరుగా ఉంటుంది. వల్కన్‌లో ఒక పాస్ రాయడం ముగిశాకే ఇంకోటి చదవాలని చెప్పే బారియర్ మరిచిపోయి రెండు పాస్‌లు పోటీపడుతుంటే, రీప్లేలో ఆ పోటీ కనబడకపోవచ్చు. అప్పుడు డ్రాల మధ్య వెతకడం ఆపి, వాలిడేషన్ లేయర్లో సింక్రొనైజేషన్ తనిఖీ పెట్టి నడపండి. కాప్చర్‌ను వేరే కంపెనీ కార్డు మీద తెరిచి చూసి తీర్పు చెప్పడమూ ఇలాగే దెబ్బతీస్తుంది, ఎక్కడ తీశారో అదే కార్డు, అదే డ్రైవర్ మీద చదవండి.

కంప్యూట్ షేడర్ రాసిన పిక్సెల్స్‌కు హిస్టరీలో త్రిభుజాల వివరం రాదు, డిస్పాచ్‌కు ముందూ తర్వాతా విలువలు మాత్రమే పోల్చుకోవాలి.

ఫైలును ఇంకొకరికి పంపే ముందు ఒకటి గుర్తుంచుకోండి: .rdc లోపల ఆ ఫ్రేమ్ వాడిన టెక్స్చర్లు, మెష్‌లు, షేడర్లు ఉంటాయి. ఇంకా విడుదల కాని ఆట అయితే, ఆ ఒక్క గదిని మాత్రమే చూపే చిన్న సీన్ తయారుచేసి, అందులో కాప్చర్ తీసి పంపండి.