వెతికేది ఒకటి, తెరుచుకునేది మరొకటి: దోషి మీ పాత ఎక్స్‌టెన్షనే కావచ్చు

సమస్య

క్రోమ్ అడ్రస్ బార్‌లో ఏదో టైపు చేసి ఎంటర్ నొక్కుతారు. ఎన్నడూ చూడని చిరునామా ఒకటి క్షణంపాటు మెరిసి మాయమై, ఆ తర్వాతే ఫలితాలు వస్తాయి. అడంగల్ కోసం తెరిచిన ప్రభుత్వ పేజీలోనూ ప్రకటనలు కనిపిస్తాయి. అమలాపురం, రాజోలు వైపు నెట్ సెంటర్లలో నేను తరచూ చూసే ఫిర్యాదు ఇదే. అప్పటికే వాళ్లు హిస్టరీ తుడిచేసి, యాంటీవైరస్ నడిపి, క్రోమ్‌ను తీసేసి మళ్లీ వేసి ఉంటారు. పాత గూగుల్ ఖాతాతో లాగిన్ కాగానే సింక్ క్రోమ్‌కు అదనపు పనుల కోసం తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్లన్నిటినీ వెనక్కి తెచ్చేస్తుంది, దోషితో సహా.

ముందు చూడాల్సింది

Ctrl+Shift+N నొక్కి ఇన్‌కాగ్నిటో విండోలో అదే పని చేయండి. మీరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప అక్కడ ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. సమస్య అక్కడ లేకపోతే కారణం దాదాపు ఖాయంగా ఎక్స్‌టెన్షనే. అర నిమిషం పట్టే ఈ పరీక్షను వదిలేసి పూటంతా ఫార్మాటింగ్‌కు ధారపోసేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

తర్వాత అడ్రస్ బార్‌లో ఇది కొట్టండి:

```
chrome://extensions
```

ఒక్కొక్క ఎక్స్‌టెన్షన్ కింద ఉన్న Details తెరిచి, Site access దగ్గర ఏముందో చూడండి. On all sites అని ఉంటే, మీరు తెరిచే ప్రతి పేజీనీ అది చదవగలదు, మార్చగలదు. బ్యాంకు పేజీలోని నిల్వ, మెయిల్‌లోని ఉత్తరం, పెట్టెల్లో మీరు టైపు చేసే పాస్‌వర్డు కూడా అందులోకే వస్తాయి. అంతమాత్రాన అది దొంగ అని కాదు. ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్‌కూ, పాస్‌వర్డులు దాచే దానికీ ఆ అనుమతి నిజంగానే అవసరం. అడగాల్సింది ఒక్కటే: దాని పనికి ఇంత అవసరమా? స్క్రీన్‌షాట్ తీసేదానికి మీరు నొక్కినప్పుడు, ఆ ఒక్క పేజీ అందితే చాలు.

ఎక్కువమందిని ముంచే కారణం

అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి దుకాణంలో ఇదే సమస్య వచ్చింది. “కొత్తగా ఏమీ వేయలేదండీ, అన్నీ పాతవే” అన్నారాయన. అది నిజం. అందుకే వాటిని ఎవరూ అనుమానించలేదు.

అయితే ఎక్స్‌టెన్షన్ పాతదైనా యజమాని పాతవాడే కానక్కర్లేదు. తయారుచేసినవారు దాన్ని వేరొకరికి అమ్మేయవచ్చు. కొత్తవారి కోడ్ అప్‌డేట్‌గా మీ కంప్యూటర్‌లోకి తనంతట తానే వస్తుంది. అప్‌డేట్ మరింత విస్తృతమైన అనుమతి కోరితేనే క్రోమ్ దాన్ని ఆపి మిమ్మల్ని అడుగుతుంది. అన్ని సైట్ల అనుమతి మొదటి రోజే ఇచ్చేసి ఉంటే కొత్తగా అడగడానికి ఏమీ మిగలదు, హెచ్చరికా రాదు. The Great Suspender కథ ఇదే: లక్షలమంది వాడిన ఆ ఎక్స్‌టెన్షన్ 2020లో చేతులు మారింది, 2021 ఫిబ్రవరిలో హానికరమైన కోడ్ ఉందంటూ గూగుల్ దాన్ని తొలగించింది.

ఆ దుకాణంలో అన్ని సైట్ల అనుమతి ఉన్నవి మూడు. ఒకటి ప్రకటనలను ఆపేది, ఒకటి పాస్‌వర్డులది, మూడోది ఎప్పుడో వేసుకున్న స్క్రీన్‌షాట్ ఎక్స్‌టెన్షన్. మూడోదాని స్టోర్ పేజీ తెరిచి సమీక్షలను తాజావి ముందు వచ్చేలా పెట్టాం. పాతవన్నీ మెచ్చుకోళ్లే, ఇటీవలివన్నీ ‘ప్రకటనలు వస్తున్నాయి’ అనే మొరలే. చుక్కల రేటింగ్‌ను నమ్మితే ఇది కనబడదు, ఎందుకంటే అందులో ఏళ్లనాటి మంచి మార్కులు కలిసిపోయి ఉంటాయి.

పరిష్కారం

వెంటనే తొలగించకుండా ముందు దాని Site access‌ను On click‌కు మార్చాం. పేజీలన్నీ మళ్లీ తెరిచి చూస్తే దారి మళ్లడం ఆగింది. అప్పుడు Remove నొక్కాం. మీరు చేసేటప్పుడు ఒకటి రెండు రోజులు గమనించండి. కొన్ని ఎక్స్‌టెన్షన్లు ప్రతిసారీ కాకుండా అప్పుడప్పుడు మాత్రమే దారి మళ్లిస్తాయి. క్రోమ్‌లో ఇద్దరు ముగ్గురి ప్రొఫైళ్లు ఉంటే ప్రతి ప్రొఫైల్‌లోనూ విడిగా చూడాలి.

ఎక్స్‌టెన్షన్‌ను తొలగించిన తర్వాతే బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులను మార్చండి. ముందే మారిస్తే కొత్తదీ అదే కళ్ల ముందు టైపు చేసినట్లవుతుంది. మెయిల్‌లో ఇతర పరికరాలన్నిటి నుంచీ లాగౌట్ కూడా చేయండి.

అరుదైనవి

Remove బటనే లేకుండా, నిర్వాహకుడు పెట్టినట్లు చూపిస్తే `chrome://policy` తెరిచి ఎక్స్‌టెన్షన్లను బలవంతంగా పెట్టించే ExtensionInstallForcelist అనే నియమం ఉందేమో చూడండి. అది ఆఫీసు కంప్యూటర్ కాకపోతే ఏదో ప్రోగ్రామ్ పెట్టిన మెలిక అది, ముందు ఆ ప్రోగ్రామ్‌ను తీసేయాలి. అదే వైఫైలోని ఫోన్లలోనూ ప్రకటనలు వస్తుంటే రౌటర్‌ను చూడండి.