పాపను పక్క గదిలోకి మార్చాక నిద్ర చెడిందా? ఎక్కడ చూడాలి, ఏం సరిచేయాలి

పాపను తన గదిలో పడుకోబెట్టిన మొదటి వారంలో వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి గది కారణం కాదు. అమ్మ పాలు తాగుతూ నిద్రలోకి జారుకునే పిల్లకు ఒకే రాత్రి పాలూ మాన్పించి, మంచమూ మార్చి, గదీ మార్చేస్తారు. అప్పుడు ఏడుపు దేనికో ఎవరికీ తెలియదు. కాబట్టి కింది లక్షణాల్లో ఏది కనిపించినా ముందుగా ఆ రాత్రి ఎన్ని మారాయో లెక్క చూసుకోండి. ఒకటికి మించి ఉంటే మిగతావి వెనక్కి తీసుకుని, ఒక్కొక్కటిగా మార్చండి. ఇక్కడ చెప్పేది 6 నెలల నుంచి ఏడాది మధ్య పిల్లల గురించి.

వారం దాటినా ఏదీ కుదరడం లేదు

చాలాసార్లు ఇది వేళ సరిగా కుదరక వచ్చేది. 6 నెలలు నిండకముందు వేరే గది వద్దు. మొదటి 6 నెలలైనా బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, కానీ తన సొంత పక్క మీద పడుకోవాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో ఇచ్చిన సూచనల్లో ఉంది. నిద్రలో పసిపిల్లలు ఉన్నట్టుండి చనిపోయే ఘటనల్లో అత్యధికం ఆ వయసులోనే జరుగుతాయి. 6 నెలలకు మార్చి తీరాలని మాత్రం కాదు, ఏడాది దాకా మీ గదిలోనే ఉంచుకున్నా నష్టమేమీ లేదు. నెలలు నిండకుండా పుట్టిన పాపకు వయసును పుట్టిన తేదీ నుంచి కాకుండా డాక్టరు ఇచ్చిన డెలివరీ తేదీ నుంచి లెక్కించి, ఎప్పుడు మార్చాలో పిల్లల డాక్టరును అడగండి.

ఇంచుమించు 8, 9 నెలలకు ఇంకో గడ్డుకాలం వస్తుంది. అమ్మ కనపడకపోయినా ఎక్కడో ఉంటుందని పాపకు తెలుస్తుంది, తిరిగి ఎప్పుడు వస్తుందో మాత్రం తెలియదు. వంటింట్లోకి వెళ్లినా వెంటపడి ఏడ్చే రోజులవి. అందుకే 6 నెలలు దాటి 8 రాకముందు మార్చితే తేలిక. అది దాటిపోయినా మార్చవచ్చు, కాకపోతే మెల్లగా. జలుబు చేసినప్పుడు, ఊరు వెళ్లొచ్చిన వారంలో, అమ్మ మళ్లీ ఉద్యోగంలో చేరే వారంలో మొదలుపెట్టకండి. 9 నెలలకు వేసే మీజిల్స్ టీకా తరవాత కొందరికి జ్వరం వెంటనే కాకుండా వారం, పన్నెండు రోజులకు వస్తుంది. ఆ రెండు వారాలు దాటనివ్వండి.

నిద్రపోయిన ముప్పావుగంటకో గంటకో లేచి ఏడుస్తోంది, రాత్రంతా ఇదే వరస

అన్నిటికన్నా ఎక్కువమందికి వచ్చే ఇబ్బంది ఇది. ఈ వయసు పిల్లల నిద్ర గంటకు అటూ ఇటుగా ఒక చుట్టు పూర్తిచేసి, కాసేపు పలచబడుతుంది. ఆ క్షణంలో పాప సగం కళ్లు తెరిచి, పడుకున్నప్పుడు ఉన్నవి ఉన్నట్టే ఉంటే మళ్లీ నిద్రలోకి వెళ్తుంది. చంకలో నిద్రపోయిన పిల్ల క్రిబ్‌లో ఒంటరిగా కళ్లు తెరిస్తే ఉలిక్కిపడుతుంది. మీ గదిలో ఉన్నంతకాలం మీరు చెయ్యి చాచి రెండుసార్లు జోకొట్టేవారు కాబట్టి ఇది బయటపడలేదు. ఇప్పుడు లేచి, తలుపు తీసి వెళ్లేలోపు పాపకు పూర్తిగా మెలకువ వచ్చేస్తోంది.

ఆకలా, అలవాటా అన్నది పాలు తాగే తీరును బట్టి తెలుస్తుంది. నాలుగు గుక్కలు తాగి రొమ్ము నోట్లో ఉండగానే నిద్రపోతే అలవాటు. గుటకలు వేస్తూ కడుపునిండా తాగి వదిలేస్తే ఆకలి. 7, 8 నెలల పిల్లలు రాత్రి ఒకటి రెండుసార్లు నిజంగానే ఆకలితో లేవవచ్చు. ఆ పాలు మాన్పించాల్సిన పనిలేదు.

సరిచేయాల్సింది నిద్రలోకి జారుకునే తీరు, అదీ పాత గదిలోనే. ఒక ఉదాహరణ చూద్దాం. 8 నెలల పాప, రాత్రి 9 గంటలకు పాలు తాగుతూ నిద్రపోతుంది, అమ్మ పక్కనున్న క్రిబ్‌లోకి దించుతారు.

మొదటి వారం గది మార్చకండి. చివరి పాలు 8:20కి, లైటు వేసి ఉండగానే పట్టండి. పాలకూ నిద్రకూ మధ్య కనీసం 20 నిమిషాలు ఎడం ఉండాలి. ఆ ఎడంలో డైపర్ మార్చి, రాత్రి బట్టలు వేసి, లైటు తగ్గించి, రోజూ అదే జోలపాట పాడండి. కళ్లు బరువెక్కి, ఇంకా తెరిచి ఉండగానే క్రిబ్‌లో వెల్లకిలా పడుకోబెట్టి, చెయ్యి ఛాతీ మీద ఉంచి జోకొట్టండి. మొదటి రెండు రాత్రులు నిద్రపట్టేదాకా, మూడో రాత్రి నుంచి కళ్లు మూతపడేదాకా మాత్రమే. తరవాత జోకొట్టకుండా చెయ్యి ఆనించి ఉంచండి. గుక్కపట్టి ఏడిస్తే ఎత్తుకోండి, శాంతించగానే మళ్లీ పడుకోబెట్టండి. చేతుల్లో మాత్రం నిద్రపోనివ్వకండి.

రెండో వారం మొదట్లో కొత్త గదిలో పగలు అరగంట ఆడించండి, పొద్దుటి కునుకు అక్కడే వేయించండి. మూడు నాలుగు కునుకులు సాఫీగా సాగాక రాత్రికి క్రిబ్ మార్చండి. అదే క్రిబ్, అదే పరుపు, ఉతకని అదే బెడ్‌షీటు. అప్పుడు మారేది గది ఒక్కటే. మొదటి మూడు రాత్రులు ఇంట్లో ఒకరు ఆ గదిలోనే నేల మీద పక్క వేసుకుని పడుకోండి. తరవాత పాపకు నిద్రపట్టేదాకా క్రిబ్ పక్కన కుర్చీలో, రెండు రోజులకు గది మధ్యలో, ఇంకో రెండు రోజులకు గుమ్మం దగ్గర కూర్చోండి. రాత్రి లేచినప్పుడు ఏడుపు వినగానే పరుగెత్తకండి. ఒకటి రెండు నిమిషాలు ఆగితే నసిగి మళ్లీ పడుకునే రాత్రులే ఎక్కువ. ఏడుపు పెరుగుతుంటే వెళ్లి, లైటు వేయకుండా జోకొట్టండి. ఆకలి వేళైతే పాలు పట్టండి.

ఇంట్లో నానమ్మో అమ్మమ్మో ఆ గదిలోనే పడుకునేట్టయితే పాపకు అది మంచిదే, కానీ అందరూ ఒకే పద్ధతి పాటించాలి. అమ్మ జోకొట్టి, నానమ్మ ఉయ్యాల ఊపి పడుకోబెడితే పాప ప్రతిసారీ ఉయ్యాల కోసమే లేస్తుంది. ఈ విషయం పెద్దవాళ్లతో మొదటి రోజే, పగటిపూట, నెమ్మదిగా మాట్లాడుకోండి. అర్ధరాత్రి పాప ఏడుస్తుండగా కాదు.

పాప ఇప్పటిదాకా మీ మంచం మీదే, మీ ఇద్దరి మధ్యే పడుకుంటూ ఉంటే ఈ రెండు వారాలకు ముందు ఇంకో మెట్టు ఉంది. మీ గదిలోనే క్రిబ్‌కు అలవాటు చేయండి. ఒంటి వెచ్చదనం వదులుకోవడం పాపకు గది మార్పుకన్నా పెద్ద విషయం. రెండు వారాలైనా పడుతుంది.

నిలబడి ఊచలు పట్టుకుని ఏడుస్తోంది

నిలబడడం కొత్తగా వచ్చిన పిల్లలకు కూర్చోవడం తెలియకపోవచ్చు. పగలు క్రిబ్‌లోనే నిలబెట్టి, మోకాళ్లు వంచి కూర్చోవడం ఆటలా నేర్పండి. రాత్రి మాత్రం ఒకటి రెండుసార్లు పడుకోబెట్టి, తరవాత పక్కన కూర్చుని పరుపు మీద తట్టండి. మీరు పడుకోబెట్టడం, తను లేవడం పదిసార్లు సాగితే అది ఆట అయిపోతుంది. తనంతట తను కూర్చోగలిగిన రోజే క్రిబ్ పరుపును కింది మెట్టుకు దించేసి ఉండాలి. దించకపోతే ఈ రాత్రే దించండి, పిల్లలు ఊచల మీద నుంచి పడేది ఇలాగే.

తెల్లవారుజామున 4, 5 గంటలకే లేచిపోతోంది

ఆ వేళకు నిద్ర పలచగా ఉంటుంది. మీ గదిలో పట్టని వెలుతురు, చప్పుడు, చలి కొత్త గదిలో పడతాయి. ఒకరోజు ఆ వేళకు మీరే వెళ్లి పది నిమిషాలు కూర్చోండి. తూర్పు కిటికీ వెలుగు, గుడి మైకు, పాలవాడి బండి ఏదైనా సరే, అప్పుడే తెలుస్తుంది. వెలుగైతే మందపాటి కర్టెన్. చప్పుడైతే క్రిబ్‌ను రోడ్డువైపు గోడ నుంచి లోపలి గోడకు జరపండి.

ఏసీ చిన్న గదిని త్వరగా చల్లబరుస్తుంది. పెద్ద బెడ్‌రూమ్‌లో 24 సరిపోయిన పాపకు ఇక్కడ అదే 24 చలి అనిపించవచ్చు. 25, 26 దగ్గర పెట్టి, గాలి నేరుగా క్రిబ్ మీద పడకుండా రెక్కలు తిప్పండి. కాళ్లూ చేతులూ చల్లగా ఉండడం మామూలే, మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట ఉంటే ఉక్క, చల్లగా ఉంటే చలి. దుప్పటి కప్పకండి, టోపీ పెట్టకండి. చలైతే పొడుగు చేతుల కాటన్ బట్టల మీద స్లీప్ సాక్, అంటే దుప్పటికి బదులు సంచిలా ఒంటికి వేసే బట్ట, తొడగండి.

అమ్మకు నిద్ర పట్టడం లేదు

వినపడదేమోనన్న భయం వల్ల వచ్చేది ఇది. మాటలతో పోదు, పరీక్షతో పోతుంది. పగలు పాప గదిలో ఫోన్‌లో ఏడుపు చప్పుడు పెట్టి, తలుపు చేరవేసి, మీ గదిలో ఏసీ, ఫ్యాను వేసుకుని వినండి. వినపడితే పాప చప్పుడును మీ గదిలో వినిపించే మానిటర్ అక్కర్లేదు. కొంటే దాని వైరు క్రిబ్‌కు కనీసం మీటరు దూరంలో ఉండాలి. కరెంటు పోతే అది పనిచేస్తుందో లేదో, ఆ గది ప్లగ్గు ఇన్వర్టర్ మీద ఉందో లేదో ముందే చూసుకోండి.

మొదటి రాత్రికి ముందు క్రిబ్‌లో చూడాల్సినవి

మన ఇళ్లలో రెండు వస్తువులు గమనించకుండానే ఉండిపోతాయి: తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు, దిష్టికి మెడలో కట్టిన నల్లతాడు. ఏడాదిలోపు పిల్లల పక్కలో ఏ దిండూ ఉండకూడదు. తాడు ఊచకో దోమతెరకో చిక్కుకుంటే మెడకు బిగుసుకుంటుంది, ఒంటరిగా పడుకునే గదిలో చూసేవారుండరు. పడుకోబెట్టే ముందు తీసేయండి. బొమ్మలు, ఊచల చుట్టూ కట్టే మెత్తలు కూడా వద్దు. ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లకు మించకూడదు, పరుపుకూ ఊచలకూ మధ్య రెండు వేళ్లకన్నా ఎక్కువ పట్టకూడదు. దోమలకు కిటికీ జాలీ అన్నిటికన్నా మంచిది. తెరే కట్టాల్సివస్తే పాప చేతికి అందనంత బిగువుగా కట్టండి.

ఇవేవీ కావు, అయినా రాత్రంతా ఏడుపే

జ్వరం, పడుకోబెడితే పెరిగి ఎత్తుకుంటే తగ్గే ఏడుపు, పదేపదే చెవి పట్టుకోవడం, రోజూ గురక, బరువు పెరగకపోవడం ఉంటే గది సంగతి ఆపి డాక్టరుకు చూపించండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి తీస్తున్నట్టు కనిపిస్తే మర్నాటిదాకా ఆగకుండా వెళ్లండి. నలతగా ఉన్నన్నాళ్లూ క్రిబ్‌ను మీ గదిలోకి తెచ్చుకోండి, లేదా మీరే అక్కడ పక్క వేసుకోండి. తగ్గిన మూడో రోజు నుంచి కుర్చీ దగ్గర మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఈసారి సాధారణంగా అంతకుముందు పట్టినన్ని రోజులు పట్టవు.